తాడు పని తాడుది, మాట పని మాటది: ఒక గైడెడ్ రన్నింగ్ కేస్ స్టడీ

గైడెడ్ రన్నింగ్ అంటే చూపు లేని రన్నర్, చూపున్న గైడ్ ఒకే తాడును చెరో చివర పట్టుకుని పక్కపక్కనే పరిగెత్తడం. ఈ కేసులో రన్నర్ ఒక ప్రభుత్వ పాఠశాలలో సోషల్ చెప్పే మాష్టారు. వయసు 44. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు వల్ల చిన్నప్పుడే రేచీకటి మొదలైంది. ముప్పై దాటేసరికి చూపు దాదాపు పోయింది. ఇప్పుడు వెలుతురు ఏ వైపు నుంచి వస్తోందో తెలుస్తుంది కానీ ఆకారాలేవీ తెలియవు. గైడ్ 29 ఏళ్ళ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఒంటరిగా పరిగెడితే హాఫ్ మారథాన్ గంటా యాభై నిమిషాల్లో ముగిస్తాడు. గైడ్‌గా పనిచేయడానికి ఈ తేడా అవసరం. రన్నర్ వేగంతో పరిగెడుతూ గైడ్ ఆయాసపడకుండా మాట్లాడగలగాలి, రోడ్డునూ చూడగలగాలి. ఇద్దరి అనుమతితోనే రాస్తున్నాను, వాళ్ళను గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేను గైడ్ రన్నర్లకు శిక్షణ ఇస్తాను. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ పరిగెత్తాలని, 2 గంటల 25 నిమిషాల్లో ముగించాలని ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు. అంటే కిలోమీటరుకు 6 నిమిషాల 50 సెకన్ల చుట్టుపక్కల. ఓపిక విషయంలో మాష్టారికి లోటు లేదు. సమస్య వేరే చోట ఉంది. అప్పటికి కొన్నాళ్ళుగా కలిసి పరిగెడుతున్నా మూడు ఇబ్బందులు తగ్గలేదు. ఎనిమిది కిలోమీటర్లు దాటగానే మాష్టారికి కుడి భుజం నొప్పి పెట్టేది. ఇద్దరి మోచేతులు తరచూ తగులుకునేవి. గైడ్ ముందే చెబుతున్నా స్పీడ్ బ్రేకర్ల దగ్గర మాష్టారు తడబడేవారు.

మొదటి రోజు నేను ఏమీ సరిచేయలేదు. వెనక సైకిల్ మీద వెళ్తూ ఫోన్‌లో వీడియో తీసి, సాయంత్రం ముగ్గురం కూర్చున్నాం. నేను తెరమీద కనిపించేది చెబుతుంటే, ఆ క్షణంలో తనకు ఏం అనిపించిందో మాష్టారు చెప్పారు. వాళ్ళ ఇబ్బంది ఒక్క చోట పుడుతోందని అప్పుడు తెలిసింది. గైడ్ దిశను తాడుతోనూ చెబుతున్నాడు, నోటితోనూ చెబుతున్నాడు. అయితే రెండూ ఒకేసారి రావడం లేదు. తాడు ముందు కుడికి లాగుతోంది, అర సెకను తర్వాత "కొంచెం కుడికి మాష్టారూ" అన్న మాట వస్తోంది. మాష్టారు తాడుకు ఒకసారి, మాటకు ఇంకోసారి కుడికి జరుగుతున్నారు. రెండోసారి జరిగినప్పుడే గైడ్‌ను గుద్దుకుంటున్నారు.

అక్కడి నుంచి మేం చేసిన పనంతా ఈ రెంటినీ విడదీయడమే. ఇప్పుడు ఎటు వెళ్తున్నాం, ఏ లయలో వెళ్తున్నాం అన్నది తాడు చెప్పాలి. ఇంకా రానిది, రాబోతున్నది నోరు చెప్పాలి.

తాడు

వాళ్ళు వాడుతున్నది సాగే రబ్బరు బ్యాండు. జిమ్‌లో వ్యాయామానికి వాడే రకం. చేతికి మెత్తగా ఉంటుందని ఎంచుకున్నారు. సాగే తాడుతో ఇబ్బంది ఏమిటంటే, గైడ్ చెయ్యి కదిలిన వెంటనే రన్నర్ చేతికి తెలియదు. ముందు బ్యాండు సాగుతుంది, తర్వాత లాగుతుంది, ఆ తర్వాత వదులైనప్పుడు ఇంకో చిన్న కుదుపు వస్తుంది. ఆ మూడింటిలో ఏది గైడ్ కావాలని చేసిందో రన్నర్‌కు తెలిసే దారి లేదు. వరల్డ్ పారా అథ్లెటిక్స్ నిబంధనలు కూడా సాగని తాడే వాడాలంటాయి. పూర్తిగా చాచినప్పుడు పొడవు 30 సెంటీమీటర్లు మించకూడదు. మాష్టారు పరిగెత్తేది పారా పోటీ కాదు కాబట్టి ఆ నిబంధన వర్తించదు. అయినా నేను ఆ కొలతనే వాడిస్తాను. అంతకన్నా పొడవైతే తాడు వేలాడుతుంది, వేలాడే తాడు ఏ సమాచారాన్నీ మోయదు.

కొత్త తాడుకు ఖర్చు దాదాపు లేదు. వెడల్పాటి నూలు షూ లేసు తీసుకుని రెండు చివరలా వేళ్ళు దూరేంత ఉచ్చులు వేశాం. ఉచ్చు మణికట్టుకు కాకుండా వేళ్ళకు ఉండాలని నేను గట్టిగా పట్టుబడతాను. ఒకరు పడిపోతే వేళ్ళు విప్పగానే తాడు జారిపోవాలి. మణికట్టుకు బిగిస్తే ఒకరితోపాటు రెండోవాళ్ళూ పడతారు.

భుజం నొప్పికి కారణం వీడియోలో స్పష్టంగా కనిపించింది. మాష్టారు తాడును కుడి చేత్తో పట్టుకుంటున్నారు. ఏళ్ళ తరబడి తెల్ల కర్ర పట్టిన చెయ్యి అది. కర్రతో నడిచేటప్పుడు ఆ చెయ్యి ముందుకు చాచి, నేలను వెతుకుతూ ఉంటుంది. పరుగులోనూ అదే చేస్తోంది. ఎడమ చెయ్యి ముందుకూ వెనక్కూ హాయిగా ఊగుతుంటే, కుడి చెయ్యి మోచేయి దగ్గర బిగుసుకుపోయి పొట్ట ముందు ఆగిపోయింది. ఆ బిగువంతా భుజం మీద పడుతోంది.

తాడు ఎడమ చేతికి మార్చాం. దాంతో గైడ్ మాష్టారికి ఎడమ పక్కకు వచ్చాడు, తన కుడి చేత్తో తాడు పట్టుకున్నాడు. మొదటి వారం మాష్టారికి ఇది అస్సలు నచ్చలేదు. "ఈ చేత్తో నాకేం తెలియడం లేదు బాబూ" అనేవారు. అది నిజమే, ఆ చేతికి అలవాటు లేదు. అందుకే పరుగు ఆపి నడక పెట్టించాను. గచ్చిబౌలి స్టేడియం ట్రాక్ చుట్టూ నడక, తర్వాత రెండొందల మీటర్ల చిన్న పరుగులు. నేల చదునుగా, అడ్డంకులు లేకుండా ఉన్నచోట చేతి లయ మాత్రమే నేర్చుకోవచ్చు.

ఆ లయ ఇలా ఉంటుంది. తాడు పట్టిన రెండు చేతులూ కలిసి ముందుకు వెళ్ళాలి, కలిసి వెనక్కి రావాలి. మాష్టారి ఎడమ చెయ్యి ముందుకు వెళ్ళినప్పుడు ఆయన కుడి కాలు ముందుకు పడుతుంది. గైడ్ కుడి చెయ్యి ముందుకు వెళ్ళినప్పుడు అతని ఎడమ కాలు పడుతుంది. అంటే ఇద్దరి బయటి కాళ్ళూ ఒకసారి, లోపలి కాళ్ళూ ఒకసారి పడతాయి. అద్దంలో చూసినట్టు ఉండాలి. కొత్త గైడ్లు చాలామంది కుడి కాలికి కుడి కాలు కలపాలనుకుంటారు. అలా కలిపితే ఒకరి చెయ్యి ముందుకు వస్తుంటే రెండోవారిది వెనక్కి పోతుంది, ప్రతి అడుగుకూ తాడు లాక్కుంటుంది.

అడుగు పొడవు సర్దుకోవలసింది గైడే. ఇతను మాష్టారి కన్నా అరచెయ్యి పొడుగు, సహజంగానే అంగలు పెద్దవి. అంగ తగ్గించి మాష్టారి అడుగుల సంఖ్యకు తన అడుగులు కలపడం అతనికి మొదట కష్టమైంది, పిక్కలు పట్టేశాయి. అందుకే వారంలో ఒక రోజు ఒంటరిగా, మాష్టారి వేగంలో, మాష్టారి అడుగు కొలతతో పరిగెత్తమన్నాను. చాలామంది గైడ్లు తమ శిక్షణ తమ వేగంలోనే చేసుకుంటారు. రెండుంపావు గంటలపైగా చిన్న అంగలతో పరిగెత్తడానికి కాళ్ళు విడిగా అలవాటు పడాలి.

లయ కుదిరాక దిశ దానంతట అదే కుదిరింది. గైడ్ ఎడమకు ఒక అరడుగు జరిగితే తాడు వదులు తగ్గి మాష్టారి వేళ్ళకు తెలుస్తుంది, ఆయన కూడా జరుగుతారు. అక్కడ మాట అక్కర్లేదు. పారిస్ 2024 పారాలింపిక్స్‌లో సిమ్రన్ శర్మ తన గైడ్ అభయ్ సింగ్‌తో కలిసి చూపు లోపం ఉన్నవాళ్ళ టీ12 విభాగంలో 200 మీటర్ల పరుగును 24.75 సెకన్లలో ముగించి కాంస్యం గెలిచింది. అంత తక్కువ సమయంలో నోటికి చేయగలిగింది చాలా తక్కువ. దాదాపు అంతా చేతుల లయ మీదే నడుస్తుంది. హాఫ్ మారథాన్‌లో మాటకు చోటు చాలా ఉంటుంది. చోటు ఉందని అన్నీ మాటతోనే చెప్పాలనుకోవడమే మా జంటకు వచ్చిన చిక్కు.

మాట

స్పీడ్ బ్రేకర్ సంగతి లెక్క వేస్తేనే అర్థమవుతుంది. వాళ్ళ వేగంలో సెకనుకు దాదాపు రెండున్నర మీటర్లు వెళ్తారు. గైడ్ చెప్పే వాక్యం ఇది: "మాష్టారూ, ముందు స్పీడ్ బ్రేకర్ వస్తోంది, కొంచెం చూసుకోండి." వీడియోలో కొలిస్తే ఆ వాక్యానికి రెండు సెకన్ల పైనే పట్టింది. అతను బ్రేకర్‌కు ఏడు మీటర్ల దూరంలో మొదలుపెడుతున్నాడు. వాక్యం పూర్తయ్యేసరికి మిగిలింది మీటరు పైచిలుకు, అంటే ఒక అడుగు. అప్పటికే గాలిలో ఉన్న కాలిని మార్చుకునే వీలు ఉండదు. గైడ్ "నేను ముందే చెప్పానండీ" అంటాడు, మాష్టారు "నాకు ఆలస్యంగా వచ్చింది" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. ఏం చేయాలన్నది ఆఖరి మాట దాకా తెలియదు. "వద్దు" అని చెప్పేటప్పుడు ఇది మరీ ప్రమాదం. "కుడికి వెళ్ళొద్దు" అంటే "కుడికి" అన్న మాట వినపడగానే ఒళ్ళు కుడికి మొగ్గుతుంది, "వద్దు" వచ్చేసరికి ఒక అడుగు పడిపోతుంది. కాబట్టి మా మొదటి నియమం: ఎటు వెళ్ళకూడదో ఎప్పుడూ చెప్పకూడదు, ఎటు వెళ్ళాలో మాత్రమే చెప్పాలి.

రెండో చిక్కు మర్యాదది. మాష్టారి కన్నా గైడ్ పదిహేనేళ్ళు చిన్న. "ఎత్తు", "ఆగు" అని పెద్దాయనతో అనడానికి అతనికి నోరు రాలేదు. "ఎత్తండి", "కాస్త ఆగండి" అంటే మాట సాగుతుంది. "నన్ను నువ్వు అన్నా పర్వాలేదు, పడేయకుండా ఉంటే చాలు" అని మాష్టారు అన్నారు. అయినా అతను మారలేకపోయాడు, నేనూ ఒత్తిడి చేయలేదు. దానికి దారి వేరే దొరికింది. క్రియలు తీసేసి అన్నీ పేర్లుగా మార్చాం. ఎడమ, కుడి, బ్రేకర్, గుంత, మెట్టు, పట్టీలు, నీళ్ళు, నడక. పేరులో మర్యాదా లేదు, అమర్యాదా లేదు. ఆపడానికి మాత్రం "స్టాప్" ఉంచాం. "ఆగు" వాడకపోవడానికి ఇంకో కారణం ఉంది, జనం గోలలో అది "సాగు"లా వినపడుతుంది. "రైట్" అన్న మాటను పూర్తిగా నిషేధించాం. బస్సు కండక్టర్ల పుణ్యమా అని ఆ మాట వినగానే మనవాళ్ళకు కుడివైపు కన్నా "పోనివ్వు" అన్న అర్థమే ముందు తడుతుంది.

మలుపులకు గడియారం పద్ధతి. పన్నెండు అంటే నేరుగా, తొమ్మిది అంటే పూర్తిగా ఎడమకు, పదకొండు అంటే కొద్దిగా ఎడమకు. కంచంలో ఏ కూర ఎక్కడుందో ఇంట్లో మాష్టారికి ఇలాగే చెబుతారు కాబట్టి కొత్తగా నేర్చుకునేది ఏమీ లేకపోయింది. గుర్తుంచుకోవలసింది గైడ్ ఒక్కడే: గడియారం మధ్యలో నిలబడింది రన్నర్, తను కాదు.

బ్రేకర్‌కు సమయం ఇలా కుదిర్చాం. పది పన్నెండు మీటర్ల దూరంలో "బ్రేకర్" అన్న ఒక్క మాట. తర్వాత మాష్టారి ఎడమ కాలు నేలను తాకిన ప్రతిసారీ "మూడు, రెండు, ఒకటి". ఆయన నిమిషానికి 165 అడుగుల దాకా వేస్తారు, అడుగు దాదాపు 90 సెంటీమీటర్లు. ప్రతి అడుగుకూ లెక్కపెడితే నోరు తిరగదు. ఎడమ కాలికే లెక్కపెడితే ఒక్కో అంకెకు రెండడుగులు. "మూడు" అనేసరికి బ్రేకర్ ఆరడుగుల దూరంలో ఉంటుంది. "ఒకటి" తర్వాత పడే ఎడమ కాలు బ్రేకర్ మీద. లోపలి కాళ్ళు కలిసి పడుతున్నాయి కాబట్టి మాష్టారి కాలు చూడాల్సిన పని గైడ్‌కు లేదు, తన కుడి కాలికి లెక్కపెడితే చాలు. తాడు లయ ముందు కుదిరి ఉండకపోతే ఈ లెక్క పనిచేసేది కాదు.

అడ్డంకి వస్తోందని చెప్పడంతో పని అయిపోదు, దాటామని కూడా చెప్పాలి. వరసగా ఉండే రంబుల్ స్ట్రిప్స్ మీద ఇది బాగా తెలిసింది. "పట్టీలు" అన్నాక మాష్టారు మోకాళ్ళు ఎత్తి పరిగెత్తడం మొదలుపెట్టారు. పట్టీలు అయిపోయి వంద మీటర్లు దాటినా అలాగే ఎత్తుతున్నారు, ఎందుకంటే అయిపోయాయని ఎవరూ చెప్పలేదు. అప్పటి నుంచి "సాఫీ" అన్న మాట వచ్చింది. ఏ హెచ్చరిక అయినా "సాఫీ"తోనే ముగియాలి. ఏ అడ్డంకీ లేని పొడుగాటి రోడ్డు మీద కూడా నిమిషానికి ఒకసారైనా "సాఫీ" అనాలని మాష్టారే అడిగారు. గైడ్ చాలాసేపు మౌనంగా ఉంటే, రోడ్డు బాగుండి మౌనంగా ఉన్నాడో, ఫోన్ వైపు చూస్తున్నాడో తెలియక ఆయన ఒళ్ళు బిగబట్టేవారట.

ఇటు నుంచి అటూ మాట వెళ్ళాలి. కథ వినే పిల్లల్లా మాష్టారు ప్రతి హెచ్చరికకూ "ఊఁ" కొట్టాలని పెట్టుకున్నాం. "ఊఁ" రాకపోతే వినపడలేదని లెక్క, గైడ్ వెంటనే మళ్ళీ చెప్పాలి. అలసిపోయినప్పుడు ఆ "ఊఁ" ఆలస్యమవుతుంది. మాష్టారు అలసిపోయారని గైడ్‌కు గడియారం కన్నా ముందు అదే చెబుతుంది. ఇది నాకు ఎంతో నచ్చిన సంగతి. వేగం తగ్గకముందే జవాబు తగ్గుతుంది.

ఈ దశలో గైడ్ కళ్ళకు గంతలు కట్టి, తాడు నేను పట్టుకుని పరిగెత్తించాను. మొదట పాత పద్ధతిలో పూర్తి వాక్యాలతో, తర్వాత కొత్త మాటలతో. అదయ్యాక అతనికి వాక్యాల గురించి నేను ఇంకేమీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

ముగింపు గీత

మాష్టారు ముందు ముందు పారా పోటీలకు వెళ్ళాలనుకుంటున్నారు. అందుకే కొన్ని అలవాట్లు ఇప్పుడే పెట్టించాను. గైడ్ రన్నర్‌ను లాగకూడదు, నెట్టకూడదు. గీత దాటేటప్పుడు రన్నర్ ముందు ఉండాలి. అప్పటి దాకా తాడు వదలకూడదు. పారిస్ 2024లో స్పెయిన్ రన్నర్ ఎలెనా కాంగోస్త్ మహిళల టీ12 మారథాన్‌లో మూడో స్థానంలో గీత దగ్గరికి వచ్చింది. చివరి అడుగుల్లో ఆమె గైడ్‌కు కాళ్ళు పట్టేసి అతను తూలిపోతుంటే, అతన్ని పట్టుకోవడానికి ఆమె తాడు ఒక్క క్షణం వదిలింది. ఆ రోజు ఆమెను అనర్హురాలిగా ప్రకటించారు. మా జంటకు నేను చెప్పింది ఇదొక్కటే: గైడ్‌కు ఇబ్బంది మొదలైతే, పరుగు ఆఖరి దాకా దాచకుండా అప్పుడే "నడక" అనాలి. గైడ్ ఓపిక తరిగిపోతే మాష్టారి ఓపిక ఎంత మిగిలినా పనికిరాదు.

గీతకు ముందు టైమింగ్ మ్యాట్ ఉంటుంది, దాని అంచు కాలికి తగులుతుంది. "మ్యాట్, మూడు, రెండు, ఒకటి" అంటూనే గైడ్ ఒక అరడుగు వెనక్కి తగ్గాలి. దీన్ని ట్రాక్ మీద సాధన చేశాం. గైడ్ వెనక్కి తగ్గడాన్ని మాష్టారి చెయ్యి "నెమ్మదించు" అని చదివేది. కాబట్టి తగ్గేముందు "నేను వెనక" అని చెప్పాల్సి వచ్చింది.

రేసు రోజు

నెక్లెస్ రోడ్డులో తెల్లవారకముందే మొదలు. మాష్టారికి ఆ చీకటితో తేడా లేదు, గైడ్‌కు ఉంది. వీధి దీపాల వెలుతురులో బ్రేకర్లు ఆలస్యంగా కనపడతాయి. అందుకని మొదటి మూడు కిలోమీటర్లు కావాలనే నెమ్మదిగా వెళ్ళారు. జనం ఒత్తుగా ఉన్నచోట ఇద్దరికీ కలిపి ఒకటిన్నర మీటరు వెడల్పు కావాలి, అంత ఖాళీ దొరకదు. గైడ్ ముందువాళ్ళకు "బ్లైండ్ రన్నర్, దారి" అని కేక వేసేవాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నవాళ్ళకు అది వినపడదు. అలాంటి చోట నడకలోకి దిగి, గైడ్ తాడు చేతిని తన నడుము వెనక్కి పెట్టి మాష్టారిని తన వెనక తీసుకెళ్ళాడు. కొన్ని సెకన్లు పోతాయి, పోనివ్వాలి.

ఫ్లైఓవర్లు ఎక్కడం సులువే, దిగడమే కష్టమైంది. దిగేటప్పుడు ఇద్దరి అంగలూ పెరుగుతాయి, కానీ సమానంగా పెరగవు. లయ రెండుసార్లు చెడింది. ఇద్దరూ చేతులు దగ్గరగా తెచ్చి తాడును కొంచెం వదులు చేసుకుని, కింద చదును వచ్చాక మళ్ళీ కలిపారు. బ్రిడ్జి జాయింట్ల ఇనుప పట్టీలకు "పట్టీ" అన్న ఏకవచనం చాలింది.

డప్పులు వాయిస్తూ ఉత్సాహపరిచేవాళ్ళ దగ్గర మాట అసలు పనిచేయలేదు. ఈ సంగతి ముందే ఊహించి ఒకే ఒక్క తాడు సంకేతం పెట్టుకున్నాం: చేతిని కిందికి ఒకసారి గట్టిగా అదిమితే "నడక" అని. డప్పుల శబ్దం దూరం నుంచి వినపడగానే గైడ్ ముందున్న రోడ్డు చూసి, అది బాగుంటే "సాఫీ, గోల" అని ముందే చెప్పి పరుగు కొనసాగించాడు. బాగోలేకపోతే చేతిని అదిమాడు.

ఒక్కసారే తూలారు. నీళ్ళ టేబుల్ దగ్గర. "నీళ్ళు, ఎడమ, నడక" అని గైడ్ అన్నాడు. మాష్టారు నీళ్ళు తాగి, మళ్ళీ పరుగు అందుకున్నారు. పది మీటర్ల అవతల రోడ్డంతా తడి, నలిగిన కప్పులు. గైడ్ మళ్ళీ "నీళ్ళు" అన్నాడు. ఇంకో టేబుల్ వచ్చిందనుకుని మాష్టారు "వద్దు" అంటూ వేగం పెంచారు, కాలు జారింది. పడలేదు, తాడు పట్టిన చేతిని గైడ్ తన ఒంటికి ఆనించి నిలబెట్టాడు. ఆ సాయంత్రమే జాబితాలో "తడి" చేరింది. "నీళ్ళు" ఇప్పుడు తాగే నీళ్ళకు మాత్రమే.

గచ్చిబౌలిలో ముగింపు 2 గంటల 27 నిమిషాలకు వచ్చింది, అనుకున్నదానికి రెండు నిమిషాలు ఎక్కువ. ఆగస్టు ఉక్కపోతకు కొంత, నడిచిన చోట్లకు కొంత. భుజం నొప్పి రాలేదు. మోచేతులు తగలడం జనం మధ్య తప్ప ఎక్కడా వీడియోలో కనిపించలేదు.

ఇంకా తేలని విషయం ఒకటుంది. ఈ లయంతా ఒక్క గైడ్‌తో కుదిరింది. అతనికి జ్వరం వస్తే మాష్టారి వారం ఆగిపోతుంది. పారా పోటీల్లో 5000 మీటర్లు, అంతకుమించిన పరుగులకు ఇద్దరు గైడ్లను అనుమతిస్తారు. మాకూ రెండో మనిషి కావాలి. ఇప్పుడు ఒక అమ్మాయి నేర్చుకుంటోంది. మాటలన్నీ ఒక్క రోజులో నేర్చేసుకుంది, ఎందుకంటే అవి పేర్లే. చేతి ఊపు మాత్రం వేరు, ఆమె మోచేయి మాష్టారి మోచేయి కన్నా నాలుగు వేళ్ళు కింద ఉంటుంది. పూర్తి పొడవు తాడుతో ఆమె ఊపు మాష్టారికి ఆలస్యంగా అందుతోంది. ప్రస్తుతం 20 సెంటీమీటర్ల తాడుతో ట్రాక్ మీద నడిపిస్తున్నాను. చేతులు కలిశాక రోడ్డు మీదికి తీసుకెళ్తాం.